బళ్లారి జిల్లా ముక్కలైన వైనం: తాలూకా గట్టు రాష్ట్ర సరిహద్దు అయితే ఏమవుతుంది

సర్వే శాఖలో నా ఉద్యోగం ఎక్కువ భాగం అనంతపురం జిల్లా పడమటి కొసన, కర్ణాటక హద్దును ఆనుకుని గడిచింది. ఒకరోజు రాయదుర్గం దగ్గరి ఊరి నుంచి ఒక పెద్దాయన గుడ్డసంచిలో కాగితాలు తెచ్చి నా బల్ల మీద పరిచాడు. వాళ్ల నాన్న కాలంలో వచ్చిన డిక్రీ నకలు అది. పైన "బళ్లారి జిల్లా, రాయదుర్గం తాలూకా" అని ఉంది. "మాది అనంతపురం జిల్లా కదా సార్, దీంట్లో బళ్లారి అని ఎందుకుంది? ఇది చెల్లుతుందా?" అని అడిగాడు. చెల్లుతుంది. కానీ ఎందుకు చెల్లుతుందో చెప్పాలంటే 1953 అక్టోబర్ 1న ఏం జరిగిందో చెప్పాలి. ఆ రోజు చెప్పడం మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనం వేళ దాటించాను. ఆ చెప్పిందే, కాస్త వివరంగా, ఇక్కడ రాస్తున్నాను.

భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడటం అనగానే మనకు పొట్టి శ్రీరాములు గారి దీక్ష గుర్తొస్తుంది. 58 రోజుల దీక్ష తర్వాత 1952 డిసెంబర్ 15న ఆయన చనిపోయారు. నాలుగు రోజులకు నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. చరిత్ర పుస్తకాల్లో తర్వాతి వాక్యం "1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది" అని ఉంటుంది. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న తొమ్మిది, పది నెలల్లో జరిగిన పనే మా శాఖ వాళ్లకు ముఖ్యం. ఏ ఊరు ఎటు పోవాలో తేలింది అప్పుడే.

ముందు ఒక సంగతి చెప్పాలి. రాష్ట్రాన్ని విడదీసేటప్పుడు కొత్తగా గీత గీస్తారని చాలామంది అనుకుంటారు. గీయరు. అప్పటికే ఉన్న ఏదో ఒక గీతను ఎంచుకుని దాని హోదా పెంచుతారు, అంతే. జిల్లా హద్దో, తాలూకా హద్దో, ఊరి పొలిమేరో రాత్రికి రాత్రి రాష్ట్ర సరిహద్దు అవుతుంది. అందుకే తగాదా అంతా ఏ మెట్టు దగ్గర లెక్కపెట్టాలన్న దాని మీదే నడుస్తుంది. జిల్లా లెక్కనా, తాలూకా లెక్కనా, ఊరి లెక్కనా? అవే జనాభా అంకెలకు మెట్టు మారితే జవాబు మారిపోతుంది.

ఆంధ్ర విషయంలో పదకొండు జిల్లాలకు పెద్ద చిక్కు లేదు. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా జిల్లాకు జిల్లా ఇటు వచ్చేశాయి. (చిత్తూరులో తమిళం వాళ్ల చిక్కు ఉంది. దాన్ని అప్పటికి వాయిదా వేశారు, ఆ సంగతి కింద వస్తుంది.) గట్టి చిక్కు బళ్లారి జిల్లాది. 1800లో నిజాం ఇంగ్లీషు వాళ్లకు ఇచ్చిన దత్తమండలాల్లో బళ్లారి పెద్ద జిల్లా. 1882లో దాన్నుంచే అనంతపురం జిల్లాను విడదీశారు. పడమర తాలూకాల్లో కన్నడం, తూర్పు తాలూకాల్లో తెలుగు, మధ్యలో ఎవరి ఇంట్లో ఏ భాషో వాళ్లకే తెలియాలి. ఆ జిల్లాను మొత్తంగా ఎటు ఇచ్చినా రెండో వైపు ఊరుకోదు. కాబట్టి అక్కడ జిల్లా లెక్క వదిలేసి ఒక మెట్టు దిగి తాలూకా లెక్క పట్టారు.

ఆర్థిక, పరిపాలన చిక్కులు చూసి నివేదిక ఇమ్మని రాజస్థాన్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి వాంఛూను పెట్టారు. ఆ నివేదిక తర్వాత 1953 మార్చిలో కేంద్రం తన నిర్ణయం చెప్పింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు. హరపనహళ్లి, హడగలి, హోస్పేట, కూడ్లిగి, సండూరు, సిరుగుప్ప ఇప్పుడు కర్ణాటక అయిన మైసూరుకు. మూడూ ఆరూ తేలిపోయాయి. మిగిలింది ఒక్కటి, జిల్లాకు పేరిచ్చిన బళ్లారి తాలూకా.

బళ్లారి తాలూకా ఎందుకు తేలలేదో చూడండి. పల్లెల్లో ఒక భాష, పట్నంలో వేరే లెక్క. పట్నంలో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ గట్టిగానే ఉన్నాయి. ఇలాంటి చోట మెజారిటీ అన్న మాటే జారిపోతుంది. ఊహకు ఒక తాలూకా తీసుకుందాం. నూటికి నలభై మంది కన్నడం, ముప్ఫై ఐదుగురు తెలుగు, మిగతా పాతికమంది ఉర్దూ, లంబాడీ, మరాఠీ. సగం దాటిన వాళ్లు ఎవరూ లేరు. "సగం దాటాలి" అనే నియమం పెడితే తాలూకా ఎవరికీ రాదు. "అందరికంటే ఎక్కువుంటే చాలు" అంటే కన్నడానికి పోతుంది. పట్నాన్ని తీసేసి పల్లెలనే లెక్కపెడితే ఇంకో అంకె. పట్నాన్ని విడిగా లెక్కపెట్టి దానికొక తీర్పు, పల్లెలకొక తీర్పు ఇస్తే పట్నం తన పల్లెలకు దూరమై ఒంటరి ద్వీపం అయిపోతుంది. పైగా జనాభా లెక్కల వాళ్లు మాతృభాష ఒక్కటే రాసుకుంటారు. ఇంట్లో కన్నడం, అంగట్లో తెలుగు మాట్లాడే మనిషి రెండో భాష ఆ గడిలో పడదు. మా ఆలూరు, రాయదుర్గం వైపు సగం మంది అలాంటివాళ్లే.

ఈ ఒక్క తాలూకా కోసం హైదరాబాద్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎల్.ఎస్. మిశ్రాను ఏకసభ్య కమిషన్‌గా వేశారు. ఆయన నివేదిక వచ్చాక బళ్లారి తాలూకా, పట్నంతో సహా, మైసూరుకు పోయింది. అక్కడితో బళ్లారి జిల్లా తేలింది. నా అభిప్రాయంలో ఆ తీర్పు తప్పా ఒప్పా అన్నది పెద్ద ప్రశ్న కాదు. అలాంటి పట్నాన్ని ఎటు ఇచ్చినా సగం మంది అవతలి వైపు ఉండిపోతారు. అసలు దెబ్బ ఎక్కడ తగిలిందంటే, మనకొచ్చిన మూడు తాలూకాలకు హెడ్‌క్వార్టర్ పోయింది.

కలెక్టరాఫీసు బళ్లారి, జిల్లా కోర్టు బళ్లారి, పెద్దాసుపత్రి బళ్లారి, పత్తి అమ్ముకునే సంత బళ్లారి. రాయదుర్గం నుంచి బళ్లారి యాభై కిలోమీటర్ల లోపు. కొత్త జిల్లా కేంద్రం అనంతపురం దాదాపు దానికి రెట్టింపు దూరం. ఆదోని, ఆలూరులను కర్నూలు జిల్లాలో కలిపారు, రాయదుర్గాన్ని అనంతపురంలో కలిపారు. ఒకప్పుడు బళ్లారి నుంచి విడిపోయిన పిల్ల జిల్లా అనంతపురం. దానికే తల్లి జిల్లా తాలూకా ఒకటి వచ్చి చేరింది. భాష లెక్క ప్రకారం సరే. ఆసుపత్రి లెక్క, సంత లెక్క మాత్రం మారలేదు. ఇప్పటికీ మా వైపు వాళ్లు ఒంట్లో బాగాలేకపోతే "బళ్లారికి పోయొచ్చాం" అంటారు, అనంతపురానికి కాదు.

ఆ పెద్దాయన డిక్రీ సంగతి ఇక్కడే ఉంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు రాయదుర్గంలోనే ఉంది కాబట్టి రిజిస్ట్రేషన్ పుస్తకాలు కదలలేదు. కానీ 1953కు ముందు జిల్లా కోర్టులో నడిచిన దావా అసలు ఫైలు బళ్లారిలో ఉంటుంది. అది ఇప్పుడు వేరే రాష్ట్రం, వేరే హైకోర్టు కింద ఉన్న కోర్టు. కొత్త నకలు కావాలంటే అక్కడికే వెళ్లాలి. ఆయన తెచ్చిన నకలు మీద సీలు బాగానే ఉంది కాబట్టి మాకు ఆ తిప్పలు తప్పాయి. రాష్ట్రం మారినంత మాత్రాన పాత తీర్పులు, పాత హక్కులు పోవు. విభజన చట్టం ఆ సంగతి రాసే పెడుతుంది.

ఇప్పుడు ఆ చట్టం ఎలా రాశారో చూద్దాం. నా ఉద్యోగంలో సగం తలనొప్పులకు కారణం అదే. 1953 ఆంధ్ర రాష్ట్ర చట్టం తీసి చూస్తే రాష్ట్రం అంటే ఏమిటో పేర్లతో చెబుతుంది. ఫలానా పదకొండు జిల్లాలు, బళ్లారి జిల్లాలోని ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు, "నియమిత దినానికి ముందు ఎలా ఉన్నాయో అలా". అంతే. పటం లేదు, కొలతలు లేవు. తాలూకా పేరు రాస్తే దాని హద్దు అందరికీ తెలుసని చట్టం నమ్మకం. ఇంకో మాట కూడా ఉంటుంది, రాష్ట్ర ప్రభుత్వం తన జిల్లాల పేర్లు, విస్తీర్ణం, హద్దులు తర్వాత మార్చుకోవచ్చని. కాబట్టి లోపలి జిల్లా గీతలు ఎన్నిసార్లయినా కదులుతాయి. 1959లో భద్రాచలాన్ని తూర్పు గోదావరి నుంచి ఖమ్మానికి, మునగాలను కృష్ణా నుంచి నల్గొండకు మార్చింది అలాగే. 1970లో మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి, తర్వాత ప్రకాశం అని పేరు మారిన ఒంగోలు జిల్లాకు పోయింది కూడా అలాగే. కానీ రాయదుర్గం, బళ్లారి తాలూకాల మధ్య ఉన్న గీత మాత్రం ఆ రోజుతో గడ్డకట్టుకుపోయింది. దాన్ని కదపాలంటే పార్లమెంటు చట్టం కావాలి.

తాలూకా గీత రాష్ట్ర గీత కావడానికి గీసింది కాదు. పాత రోజుల్లో తాలూకా హద్దు అంటే ఆ చివరి ఊళ్ల పొలిమేరే. పొలిమేర రాళ్లు ఉంటాయి, పొలాల కొలతల పుస్తకమైన ఎఫ్.ఎం.బి.లో గొలుసు లింకుల్లో కొలతలు ఉంటాయి. రెండు ఊళ్లకు ఒకే గట్టు ఉమ్మడి కాబట్టి అదే కొలత రెండు ఊళ్ల పుస్తకాల్లో రావాలి. నేను ఒకచోట సరిచూసినప్పుడు మా వైపు పుస్తకంలో 412 లింకులు, అవతలి వైపు పటంలో 405 లింకులు ఉంది. ఏడు లింకులు అంటే నాలుగున్నర అడుగుల పైచిలుకు. ఒకే జిల్లా అయితే పై అధికారి ఇద్దరు సర్వేయర్లనూ పిలిచి, పొలం మీద గొలుసు వేయించి, ఒక అంకె కొట్టేసి సంతకం పెడతాడు. గంట పని. రెండు రాష్ట్రాలైతే ఆ ఇద్దరికీ ఉమ్మడి పై అధికారి ఎవరూ లేరు. ఉత్తరాలు రాసుకోవాలి, ఉమ్మడి సర్వేకు తేదీ కుదరాలి. ఇటువాళ్లు వచ్చిన రోజు అటువాళ్లు రారు. అప్పట్లో మేం ఎదురుచూసిన రోజుల్లో ఒక రైతు మూడు ఊళ్ల హద్దు రాయి ఎక్కడుందో చూపించాడు. వాళ్ల బావి దగ్గర బట్టలు ఉతికే బండ అయి ఉంది. "పొలంలో నాగలికి అడ్డం పడుతుంటే మా తాత తెచ్చేశాడు సార్" అన్నాడు. తాత తెచ్చింది రాష్ట్ర సరిహద్దును.

పొలాల్లో నాలుగున్నర అడుగులు పెద్ద గొడవ కాదు, రైతులు సర్దుకుంటారు. అడవిలో అలా కాదు. రిజర్వు ఫారెస్టు లోపల పొలిమేర రాళ్లు పలచగా ఉంటాయి. కొండల మీద పోయే హద్దుకు పాత అటవీ పటమే ఆధారం. 1953లో ఆ బళ్లారి అడవి మీదుగా రాష్ట్ర గీత పోయింది. యాభై ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత అదే కొండల్లో ఇనుప ఖనిజానికి ధర వచ్చింది. ఓబుళాపురం వైపు లీజు ఎక్కడ ముగుస్తుంది, కర్ణాటక ఎక్కడ మొదలవుతుంది అన్న తగాదా సుప్రీంకోర్టు దాకా పోయింది, సర్వే ఆఫ్ ఇండియా వచ్చి హద్దు తేల్చాల్సి వచ్చింది. "నియమిత దినానికి ముందు ఎలా ఉన్నాయో అలా" అన్న ఒక్క వాక్యం ఎంత ఖరీదైనదో అప్పుడు తెలిసింది. తాలూకా లెక్కలో ఉన్న లోపం ఇదే. భాష లెక్క తాలూకాతో తేలుతుంది గానీ, గీత నేల మీద ఎక్కడుందో తేలదు.

నీళ్ల సంగతి కూడా బళ్లారితోనే ముడిపడి ఉంది. హోస్పేట దగ్గర తుంగభద్ర ఆనకట్టను మద్రాసు, హైదరాబాద్ ప్రభుత్వాలు కలిసి కట్టాయి. పని పూర్తయ్యే నాటికి, అదే 1953లో, కుడి గట్టు మద్రాసుకు కాకుండా మైసూరుకు పోయింది. కాలువలు ముందు బళ్లారి నేల మీద నడిచి తర్వాత ఆదోని, ఆలూరు, అనంతపురం పొలాలకు రావాలి. కన్నడం మాట్లాడే తాలూకా మీదుగా తెలుగు తాలూకాకు నీళ్లు. అందుకే ఆంధ్ర రాష్ట్ర చట్టం కిందనే తుంగభద్ర బోర్డు పెట్టారు, అది ఇప్పటికీ నడుస్తోంది. రెండేళ్ల తర్వాత రాష్ట్రాల పునర్విభజన కమిషన్ ఈ ప్రాజెక్టును చూసే బళ్లారి, హోస్పేట, సిరుగుప్ప తాలూకాలను ఆంధ్రకు ఇవ్వాలని సిఫారసు చేసింది. భాష కంటే నీళ్ల నిర్వహణకు ఎక్కువ బరువు ఇచ్చింది అన్నమాట. 1956 చట్టంలో ఆ సిఫారసును తీసుకోలేదు. మూడేళ్ల కిందట భాషను బట్టి తేలినదాన్ని మళ్లీ కాలువను బట్టి తిప్పితే కన్నడ వైపు ఎవరు ఒప్పుకుంటారు?

రాజధాని దగ్గరకు వద్దాం. జిల్లా స్థాయిలో బళ్లారికి జరిగిందే రాష్ట్ర స్థాయిలో మద్రాసుకు జరిగింది. ఉన్న హెడ్‌క్వార్టర్ అవతల ఉండిపోయింది. మద్రాసు మీద పట్టు వదిలితేనే రాష్ట్రం అని 1949లోనే జవహర్‌లాల్, వల్లభాయి, పట్టాభి కమిటీ చెప్పింది. ప్రకాశం పంతులు గారు చాలాకాలం ఒప్పుకోలేదు. చివరికి నగరం లేకుండానే రాష్ట్రం వచ్చింది. కొత్త రాజధాని ఎక్కడంటే 1937 శ్రీబాగ్ ఒడంబడిక బయటికి వచ్చింది. రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో రాయలసీమ ముందు ఎంచుకోవచ్చు అన్నది అందులో మాట. సీమ రాజధానిని కోరింది. కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు 1954 జులైలో గుంటూరులో మొదలైంది. కర్నూలులో కొన్ని ఆఫీసులు డేరాల్లో నడిచాయి.

డేరాల కథ అందరూ చెబుతారు. పటం మీద నాకు ఆసక్తిగా అనిపించేది వేరే. కర్నూలు తుంగభద్ర ఒడ్డున ఉంది. 1953లో నది అవతలి ఒడ్డు అలంపురం తాలూకా, అది అప్పుడు రాయచూరు జిల్లాలో, అంటే హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. రాజధాని నిలబడిన చోటు నుంచి నది దాటితే వేరే రాష్ట్రం! శ్రీకాకుళం నుంచి ఫైలు పట్టుకుని వచ్చే మనిషికి రాష్ట్రంలోనే పడమటి అంచుకు చేరినట్టు. భాషను బట్టి గీత గీసినప్పుడు మధ్యలో ఉన్న పట్నం రాజధాని అవుతుందన్న హామీ ఏమీ లేదు. రాజధాని ఒప్పందాన్ని బట్టి వస్తుంది, గీత జనాభా లెక్కను బట్టి వస్తుంది. రెండింటికీ సంబంధం ఉండాల్సిన పని లేదు.

మూడేళ్లకే, 1956 నవంబర్ 1న, ఆ నది గీత చెరిగిపోయింది. హైదరాబాద్ రాష్ట్రాన్ని మూడు భాషల లెక్కన పంచారు. ఈసారి తాలూకా కంటే ఇంకో మెట్టు దిగారు. అలంపురం, గద్వాల తాలూకాలు రాయచూరు నుంచి, కొడంగల్ గుల్బర్గా నుంచి వచ్చి మహబూబ్‌నగర్‌లో చేరాయి. తాండూరు హైదరాబాద్ జిల్లాకు వచ్చింది. బీదర్ జిల్లా నుంచి జహీరాబాద్ తాలూకా వచ్చింది గానీ, అందులోని నిర్ణా సర్కిల్ అక్కడే ఉండిపోయింది. అదే జిల్లాలోని బీదర్ తాలూకా నుంచి న్యాల్కల్ సర్కిల్ ఒక్కటే మెదక్‌కు వచ్చింది. నాందేడ్ జిల్లా దెగ్లూరు తాలూకా నుంచి బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు నిజామాబాద్‌కు, ముధోల్ తాలూకా నుంచి ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్లు ఆదిలాబాద్‌కు వచ్చాయి. ఆదిలాబాద్ నుంచి రాజురా, కిన్వట్ తాలూకాలు, ఇస్లాపూర్ సర్కిల్ బొంబాయి రాష్ట్రానికి పోయాయి. సర్కిల్ అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ చూసుకునే కొన్ని ఊళ్ల గుంపు. అంత చిన్న ముక్కను కూడా పార్లమెంటు చట్టంలో పేరు పెట్టి రాశారు.

రాజురా వెళ్లిన ఆ గీత మీద ఇప్పటికీ తేలని ఊళ్లు ఉన్నాయి. ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో పన్నెండు ఊళ్లు తమవని తెలంగాణ అంటుంది, చంద్రపూర్ జిల్లా జీవతి తాలూకావని మహారాష్ట్ర అంటుంది. అక్కడి వాళ్లలో చాలామందికి రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు ఓట్లు ఉన్నాయి. పైకి లాభంలా కనిపిస్తుంది గానీ, భూమి పట్టా దగ్గరకొచ్చేసరికి ఏ తహసీల్దారు దగ్గరికి పోవాలో తెలియదు.

చివరి మెట్టు ఊరు. చిత్తూరు, చెంగల్పట్టు మధ్య తేలని తగాదాను హరి వినాయక్ పాటస్కర్‌కు అప్పగించినప్పుడు ఆయన తాలూకాను వదిలేసి ఊరిని లెక్కలోకి తీసుకున్నారు. ఊళ్లో ఏ భాష వాళ్లు ఎక్కువ, ఆ ఊరు ఆ భాష ప్రాంతానికి ఆనుకుని ఉందా లేదా. ఈ రెండూ చూశారు. దాని ప్రకారం 1959లో చట్టం వచ్చి 1960 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. తిరుత్తణి తాలూకాలో చాలా భాగం, పళ్లిపట్టు వైపు ఊళ్లు మద్రాసుకు పోయాయి. పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాల్లోని తెలుగు ఊళ్లు ఇటు వచ్చాయి, సత్యవేడు తాలూకా అలా ఏర్పడిందే. ఆ చట్టం చివర జాబితాలు ఊరి పేర్లతో నిండి ఉంటాయి. గీత సన్నగా, నేల మీద నిజంగా ఉన్న భాషకు దగ్గరగా వస్తుంది. దానికి ఖర్చు కూడా ఉంది. గీత పాములా మెలికలు తిరుగుతుంది, బస్సు రూటు రెండుసార్లు రాష్ట్రం దాటుతుంది, చెరువు ఒకరిది, దాని కింది ఆయకట్టు ఇంకొకరిది అవుతుంది. కర్ణాటకలో ఉన్న బెళగావి కోసం నడుస్తున్న తగాదాలో మహారాష్ట్ర ఈ ఊరి లెక్కనే తమకూ వర్తింపజేయమని అడుగుతుంది. ఊరి లెక్క కోరేవాడు ఎప్పుడూ తాలూకా లెక్కలో ఓడిపోయినవాడే అయి ఉంటాడని నా అనుభవం.

ఏ మెట్టు పట్టినా అవతల కొందరు మిగిలిపోతారు. వాళ్ల కోసం 1956లో రాజ్యాంగంలో కొత్త అధికరణలు చేర్చారు. నూటికి డెబ్బై మంది ఒకే భాష వాళ్లయితే దాన్ని ఒక భాష ప్రాంతంగా, ముప్ఫై మందికి పైగా ఇంకో భాష వాళ్లుంటే రెండు భాషల ప్రాంతంగా చూడాలన్న లెక్క కూడా అప్పటిదే. బడిలో నలభై మందో, తరగతిలో పది మందో ఉంటే వాళ్ల భాషలో ప్రాథమిక చదువు చెప్పాలి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం వైపు కన్నడ బడులు ఇప్పటికీ ఉన్నాయి, బళ్లారిలో తెలుగు వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పిల్లలు బడికి తగ్గితే మాత్రం ఆ నలభై, పది అంకె గుమ్మం దగ్గరే నిలబడిపోతుంది.

బళ్లారి జిల్లా మళ్లీ మళ్లీ చీలుతూనే ఉంది. 2021లో హోస్పేట కేంద్రంగా విజయనగర జిల్లా విడిపోయింది. ఇటు కర్నూలు నుంచి 2022లో నంద్యాల విడిపోయింది, ఆదోని, ఆలూరు కర్నూలులోనే ఉండిపోయాయి. 2014తో కర్నూలు ఎదుటి ఒడ్డు మళ్లీ వేరే రాష్ట్రం అయింది. 1953లో ఎలా ఉందో దాదాపు అలాగే.

ఆ పెద్దాయన పని అయిపోయింది. డిక్రీలో ఉన్న సర్వే నంబరు మా పుస్తకంలో దొరికింది, విస్తీర్ణం సరిపోయింది. పాసుపుస్తకం దరఖాస్తులో "జిల్లా" అని ఉన్న గడి దగ్గర ఆయన కొడుకు అనంతపురం అని రాశాడు. ఆయన పక్కనుంచి "దాని కింద చిన్నగా బళ్లారి అని కూడా రాయరా" అన్నాడు. అవసరం లేదని చెప్పాను. అయినా రాయించాడు.